పాము పొర, కోడి ఈక, ఎండ్రికాయ గుల్ల: మూడింటికి కారణం ఒక్కటేనా?

పోయిన వానకాలం మా ఇంటెనుక కోళ్ళ గూడు పక్కన పేర్చిపెట్టిన ఇటుకల సందుల ఒక పాము కుబుసం దొరికింది, తల కాడికెళ్ళి తోక దాక ఎక్కడా చినగకుండ ఒక్కటే ముక్క. మాది నల్లగొండ దగ్గర, ఉదయ సముద్రం చెరువు దిక్కు ఊరు, చుట్టూ వరి పొలాలు, పాములు కొత్తేం కాదు, అయినా ఫోటో తీసి ఊరి గ్రూపుల పెడితే పొద్దుగూకే వరకు మెసేజులే మెసేజులు. ఒకాయన "పాము పెద్దగైతే పాత తోలు పట్టది, అందుకే ఇడుస్తది" అన్నడు. ఇంకో పెద్దమనిషి "పొర ఇడిసినప్పుడల్లా పాముకు వయసు తగ్గుతది" అన్నడు. మా చెల్లె వరస అమ్మాయి "అన్నా, మా పెట్టకు గూడ మెడ మీది ఈకలన్ని రాలుతున్నయి, గదీ గిసొంటిదేనా, లేకుంటే రోగమా" అని అడిగింది. దాని కిందనే ఇంకొకరు ఎండ్రికాయ తన గుల్లలకెళ్ళి తనే బయటికొచ్చే వీడియో పెట్టి "అన్నిటిదీ ఒకటే కథ" అని తేల్చేసిన్రు.

ఒకటే కథ కాదు. బయటికి ఒకే తీరు కనపడతది గాని పెరుగుడుకు, ఈ ఇడుసుడుకు ఉన్న లంకె మూడింటిల మూడు తీర్లు. ఎండ్రికాయ గుల్ల ఇడువకుంటే పెరగనే పెరగది. పాముకు పెరుగుడు ఒక కారణం మాత్రమే, ఇంకా వేరేవి ఉన్నయి. పెరిగిన కోడికైతే పెరుగుడుతోని సంబంధమే లేదు. ఈ ఒక్క ముచ్చట సాఫ్‌గా అర్థమైతే గ్రూపుల వచ్చిన సగం డౌట్లు వాటంతటవే పోతయి.

ముందుగాల: పైన ఉండేది ప్రాణం లేని సరుకు

మన గోరు కత్తిరిస్తే నొప్పి లేదు, ఎందుకంటే అది చచ్చిన కణాల ముద్ద, ప్రాణమున్నది దాని మొదట్ల, చర్మం కింద. పాము పొలుసు పై భాగం, కోడి ఈక, మన గోరు, వెంట్రుక ఇవన్ని కెరాటిన్ అనే ప్రోటీన్‌తోని తయారైనయే. ఎండ్రికాయ గుల్ల వేరే సరుకు, కైటిన్ అనే నారలాంటి పదార్థంల సున్నం, అంటే కాల్షియం కార్బొనేట్, దిగి గట్టిపడ్డది. సరుకు ఏదైనా గుణం మాత్రం ఒకటే: ఒకసారి తయారై గట్టిపడ్డంక అది సాగి పెద్దగ కాదు, చిరిగితే తనంతట తను అతుక్కోదు. కింద ఉన్న బతికిన పొర మళ్ళ కొత్తది చెయ్యాల్సిందే.

మనకు గూడ చర్మం పోతనే ఉంటది, కాకపోతే రోజూ కంటికి కనపడనంత చిన్న రవ్వలుగ రాలుతది కాబట్టి మనం దాన్ని పట్టించుకోం. పాము అదే పనిని ఆపి ఆపి ఒక్కసారే చేస్తది. కోడి ఒక్కొక్క ఈక చొప్పున చేస్తది. ఎండ్రికాయ ఏకంగ తన ఎముకల గూడునే మారుస్తది, ఎందుకంటే దానికి లోపట ఎముకలు లేవు, ఆ గుల్లనే దాని ఎముక, కండలన్ని లోపటికెళ్ళి ఆ గుల్లకే అంటుకొని ఉంటయి.

పాము: కింద కొత్తది పూర్తైనంకనే పాతది పోతది

చానమంది అనుకునేదేందంటే పాత తోలు ఊడిపోయినంక కింద కొత్తది వస్తదని. ఉల్టా. ముందుగాల పాత పొర కిందనే కొత్త పొర మొత్తం తయారైతది, పొలుసుకు పొలుసు, వరుసకు వరుస. కొన్ని రోజులపాటు పాము ఒకదాని మీద ఒకటి రెండు తోళ్ళు కప్పుకొని తిరుగుతదన్నట్టు. తరువాత ఆ రెండింటి నడుమ కణాలు కరిగి పలుచటి ద్రవం చేరుతది, ఆ ద్రవమే రెండింటిని విడదీస్తది. ఈ తయారీ మొత్తానికి మామూలుగ ఒక రెండు వారాలు పడతది.

ఈ టైంల పామును చూస్తే గుర్తుపట్టొచ్చు. ఒంటి రంగు మసకబారుతది, కండ్లు పాలు పోసినట్టు నీలం కలిసిన తెలుపు అయితయి. పాముకు కనురెప్పలు లేవు, కంటి మీద అద్దంలాంటి ఒక పారదర్శక పొలుసు ఉంటది, ఆ పొలుసు గూడ పొరతోనే పోతది. దాని కిందికి ద్రవం చేరంగనే కన్ను మసకైతది. అప్పుడు పాముకు సరిగ కనపడది, మేత ముట్టది, ఏదో ఒక సందుల దాక్కుంటది, దగ్గరికి పోతే మామూలు కన్న తొందరగ కాటుకొస్తది. కొన్ని రోజులకు కండ్లు మళ్ళ తేటపడతయి, చూసినోళ్ళు ఏమో అయింది బాగైంది అనుకుంటరు, కాని అసలు పొర ఇడిసేది ఆ తేటపడ్డ కొన్ని రోజులకే. రాయికో, కట్టెకో మూతి రుద్ది పెదవుల కాడ పొర లేపుతది, ఆ అంచు ఎక్కడనన్న తట్టుకుంటే దాంట్లకెళ్ళి ముందుకు పాక్కుంట పోతది, పొరేమో మేజోడు గుంజినట్టు తిరగబడుకుంట వస్తది.

మాకు దొరికిన కుబుసాన్ని ఈ లెక్కన చదవొచ్చు, ఇది నాకు మస్తు నచ్చిన పని. మొదటిది, పొర తిరగబడి వస్తది కాబట్టి మనకు పైన కనపడేది దాని లోపలి దిక్కు. మూతి అంచు తట్టుకున్న కాడ తల ముక్క ఉంటది, తోక కొస పాము పోయిన దిక్కుకు పడి ఉంటది. మా ఇంటికాడ తల ముక్క ఇటుక మూలకు చిక్కి ఉంది, తోక కొస గోడ అవతలి పొలం దిక్కున్నది, అంటే పాము ఇంట్లకు కాదు, పొలంలకే పోయింది. గాలికో కోళ్ళ కాళ్ళకో కుబుసం జరిగి ఉంటే మాత్రం ఈ లెక్క పనికిరాది.

రెండోది పొడుగు. టేపు పెడితే 66 అంగుళాలు వచ్చింది, ఐదున్నర ఫీట్లు. గ్రూపుల అందరు "అమ్మో ఐదున్నర ఫీట్ల పాము" అన్నరు. కాని పొలుసుకు పొలుసుకు నడుమ మడత పెట్టుకొని ఉండే మెత్తటి తోలు గూడ పొర గుంజుకుపోతుంటే సాగుతది, అందుకే కుబుసం పాము కన్న పొడుగుంటది, సుమారు పదో వంతుకెళ్ళి ఐదో వంతు దాక ఎక్కువ అని లెక్కేసుకోవచ్చు. 66ని 1.1తోని భాగిస్తే 60, 1.2తోని భాగిస్తే 55. అంటే పాము నాలుగున్నర ఫీట్లకు, ఐదు ఫీట్లకు నడుమ ఎక్కడనో ఉంటది.

మూడోది, ఏ పాము. రంగు చూసి చెప్పుడు కష్టం, ఎందుకంటే రంగు కణాలు ఎక్కువ శాతం కింది బతికిన చర్మంలనే ఉంటయి, పొరల మచ్చల నీడ మాత్రం కొంచెం కనపడతది. పొలుసుల లెక్కనే నమ్మాలె. పొలుసుల వరుసలెన్ననేది పాము తల్లి కడుపులనో గుడ్డులనో ఉన్నప్పుడే ఖాయమైపోతది, పాము ఎంత పెద్దగైనా వరుసలు పెరగవు, ఉన్న పొలుసులే పెద్దగ అయితయి. నడుమ భాగంల ఒంటి చుట్టు ఏటవాలుగ వరుసలు లెక్కపెడితే జెర్రిపోతుకు పదహారు పదిహేడు వస్తయి, నాగుపాముకు ఇరవై దాటుతయి. కట్లపాముకైతే వెన్ను నడుమ ఒక్క వరుస పొలుసులు మిగిలిన వాటి కన్న పెద్దగ, ఆరు మూలలతోని ఉంటయి. రక్తపింజరి తల మీద పెద్ద పలకలు ఉండవు, సన్న సన్న పొలుసులే. మాది లెక్కపెడితే పదిహేడు వచ్చింది, తల మీద పెద్ద పలకలు, వెన్ను పొలుసు మామూలే, జెర్రిపోతు అనుకున్నం. ఎలుకలున్న కాడికి అది రావుడు మామూలే, మా కోళ్ళ దాణా బస్తా కాడ ఎలుకలకు కొదువ లేదు. ఎండిన పొరల విషం ఉండదు, చేతితోని పట్టుకోవచ్చు, కాని దొరికిన సందుల చెయ్యి పెట్టి వెతకొద్దు.

మరి పెరిగినందుకేనా?

పిల్ల పాముల విషయంల ఆ మాట చాన వరకు నిజం. గుడ్డులకెళ్ళి బయటికొచ్చిన ఒకటి రెండు వారాలలోపే మొదటి పొర ఇడుస్తయి, తరువాత మేత బాగ దొరికి తొందర తొందరగ పెరుగుతుంటే తొందర తొందరగనే ఇడుస్తయి. కొత్త పొలుసు పాత దాని కన్న కొంచెం పెద్దగ తయారైతది కాబట్టి పెరుగుడుకు లంకె ఉన్నట్టే. కాని పెరుగుడు దాదాపు ఆగిపోయిన ముసలి పాములు గూడ ఏడాదికి కొన్నిసార్లు ఇడుస్తనే ఉంటయి, గాయమైనంక మామూలు కన్న ముందే ఇడుసుడు గూడ ఉంటది. అందుకే అరుగుడు, గాయం, తోలుకు పట్టిన పురుగులు, ఇవి గూడ కారణాలే అనేటోళ్ళ మాటల బలం ఉంది. నేల మీద ఒళ్ళు రాసుకుంట తిరిగే జీవికి తోలు అరగక తప్పది. నాకు ఈ రెండు మాటలు ఒకదానికి ఒకటి అడ్డమనిపించది. వయసు తగ్గుతది అన్న పెద్దమనిషి మాట మాత్రం నిజం కాదు, కొత్త పొర మెరుపు చూసి పుట్టిన మాట అది, కింద ఉన్న గుండె, కాలేయం, దవడలు అవే పాతవి.

తేడా కొడితే గూడ కుబుసంలనే తెలుస్తది. మంచిగున్న పాము పొర ఒక్కటే ముక్కగ వస్తది. గాలిల తేమ లేకుంటే, ఒంట్లె నీళ్ళు తక్కువైతే, పిడుదుల్లాంటి పురుగులు పడితే ముక్కలు ముక్కలుగ ఊడుతది. అప్పుడు అన్నిటికన్న ప్రమాదం కంటి అద్దం పొలుసు ఊడకుండ ఉండిపోవుడు. దొరికిన కుబుసం తల ముక్కను వెలుగుకు పట్టి చూస్తే రెండు కండ్ల కాడ రెండు పలుచటి గుండ్రటి అద్దాలు ఉండాలె, అక్కడ చిల్లులుంటే ఆ అద్దాలు పాము కండ్ల మీదనే మిగిలినయన్నట్టు.

కోడి: ఒక్కొక్క ఈకకు ఒక్కొక్క గుంట

ఇగ చెల్లె అడిగిన పెట్ట సంగతి. ఈక చర్మంల ఉన్న చిన్న గుంటలకెళ్ళి మొలుస్తది. మొలిచేటప్పుడు దాని లోపట నెత్తురు పారుతుంటది, బయటికి నీలంగ, కొనలు మూసుకున్న సన్న పుల్లలాగ కనపడతది, అప్పుడు దాన్ని విరిస్తే నెత్తురొస్తది. పెరుగుడు పూర్తైనంక నెత్తురు వెనుకకు తగ్గి ఈక ఎండిపోతది, ఇగ అది చచ్చిన సరుకే. ఎండకు, దుమ్ములకు, పొదల రాపిడికి అంచులు అరిగి చీలుతయి, పేన్లు కొరుకుతయి. అరిగిన ఈక ఒంటి వేడిని ఆపలేదు, వాన నీళ్ళను ఆపలేదు. అందుకే అదే గుంటల కింద కొత్త ఈక మొదలై పాత దాన్ని బయటికి తోస్తది. కోడి సైజుకు దీనికి సంబంధం లేదు, పూర్తిగ పెరిగిన పెట్టనే ఇట్ల ఏడాదికోసారి ఈకలు మారుస్తది.

అన్ని ఒక్కసారే ఊడితే కోడి బతకది, కాబట్టి వరుస ఉంటది. తల, మెడ ముందు, తరువాత రొమ్ము, ఒళ్ళు, ఆ తరువాత రెక్కలు, తోక. రెక్క వరుస చూస్తే లెక్క మంచిగ అర్థమైతది. రెక్క విప్పి పట్టుకుంటే కొస దిక్కు పది పెద్ద ఈకలుంటయి, రెక్క నడుమ ఒక పొట్టి ఈక వీటిని లోపలి దిక్కు ఈకల కాడికెళ్ళి వేరు చేస్తది. ఆ పొట్టి ఈక పక్కనున్నది మొదట రాలుతది, అక్కడికెళ్ళి కొస దిక్కు వరుసగ. ఒక పెద్ద ఈక పూర్తిగ మొలవాలంటే సుమారు ఆరు వారాలు కావాలె. ఒక పెట్ట రెండు వారాలకొకటి చొప్పున రాలుస్తదనుకుందాం. మొదటి దానికి ఆరు వారాలు, మిగిలిన తొమ్మిదింటికి ఒక్కోదానికి ఇంకో రెండు వారాలు, అంటే 6 + 18, మొత్తం 24 వారాలు, దగ్గర దగ్గర ఐదున్నర నెలలు. ఇంకో పెట్ట రెండు మూడు ఈకలు ఒక్కపారే రాలుస్తదనుకుంటే దాంట్ల సగం టైంకే పని అయిపోతది. గుడ్లు మంచిగ పెట్టే పెట్టలు ఆలస్యంగ మొదలుపెట్టి తొందరగ ముగించే రకమని కోళ్ళ పెంపకంల ఉన్నోళ్ళు రెక్క విప్పి చూస్తరు, ఈ లెక్క వల్లనే.

ఈ టైంల గుడ్లు ఎందుకు ఆపుతది అంటే, ఈకంటే దాదాపు మొత్తం ప్రోటీనే, గుడ్డు గూడ ప్రోటీనే, ఉన్న మేత రెండింటికి సరిపోది. ఒంట్లె హార్మోన్లు గూడ గుడ్డు దిక్కు తగ్గి ఈక దిక్కు తిరుగుతయి. పగటి పొద్దు తగ్గుడు దీనికి పెద్ద సైగ, కాని మన కాడ ఎండకాలం పెద్ద పగలుకు, చలికాలం చిన్న పగలుకు తేడా రెండు గంటలే కాబట్టి నాటు కోళ్ళు చలి దేశాలల్ల తీరు అన్ని ఒక్క నెలలనే రాల్చవు, ఎప్పుడు గుడ్లు పెట్టుడు ఆపింది, మేతెట్లుంది, పిల్లలు చేసిందా అనేదాన్ని బట్టి ముందు వెనుక అయితయి.

రోగమా కాదా అని చెల్లెకు ఫోన్‌ల చెప్పిందేందంటే, "ఈకలు పోయిన కాడ వేలు పెట్టి చూడు, సన్న ముండ్లలాగ కొత్త మొలకలు తగులుతున్నయా? రెండు దిక్కులా ఒకే తీరు పోయినయా? తింటున్నదా?" మూడింటికి అవునంటే మామూలు ఈకల మార్పు. మొలకలు లేకుండ చర్మం ఎర్రగ, తోక కింద గాని వీపు మీద గాని ఒక్క కాడనే బోడి అయితే పేన్లు, పురుగులో, వేరే కోళ్ళు పొడుచుడో అయి ఉంటది. కోడి ముడుచుకొని కూసుంటే, మేత ముట్టకుంటే అది వేరే సంగతి, పశువుల డాక్టర్‌కు చూపియ్యాలె. చెల్లె పెట్టకు మెడ నిండ మొలకలే ఉన్నయి.

రాలిన ఈకను గూడ చదవొచ్చు. వెలుగుకు వాలుగ పెడితే అడ్డంగ సన్నటి లేత, ముదురు చారలు కనపడతయి, ఒక లేత ఒక ముదురు కలిసి ఇంచుమించు ఒక రోజు పెరుగుడు. అది పెరిగేటప్పుడు కోడికి మేత లేక గాని భయంతోని గాని కష్టమైన రోజుంటే ఆ కాడ ఒక సన్న గీత బలహీనంగ పడతది, చాన సార్లు ఈక అక్కడనే విరుగుతది.

ఫారాలల్ల ఈ మార్పును మనుషులే బలవంతంగ తెచ్చే పద్ధతి ఉంది, దాని మీద పంచాయితి గూడ ఉంది. గుడ్లు తగ్గిన లేయర్ కోళ్ళకు కొన్ని రోజులు దాణా ఆపి, వెలుగు తగ్గిస్తే అన్ని ఒక్కసారే ఈకలు రాల్చి, తేరుకున్నంక రెండోసారి గుడ్లకొస్తయి. ఫారం నడిపేటోళ్ళు చెప్పేది కొత్త కోడిపిల్లలను గుడ్లకొచ్చే దాక సాకే ఖర్చు తప్పుతది, రెండో దఫా గుడ్డు పెంకు మళ్ళ గట్టిపడతది అని, ఆ లెక్క తప్పేం కాదు. జంతు సంక్షేమం దిక్కు మాట్లాడేటోళ్ళు చెప్పేది ఆకలితోని కొన్ని చస్తయి, మిగిలినయి బాధపడతయి అని, అదీ నిజమే. తవుడులాంటి తక్కువ బలమున్న మేత కడుపునిండ పెట్టి గూడ ఈకలు రాల్పియ్యొచ్చు అని తేలింది కాబట్టి, నా మటుకు నాకు ఆకలి పెట్టుడుకు కారణం మిగలలేదు.

ఎండ్రికాయ: ఇడువకుంటే పెరగది

పొలం గట్టుకు బొక్కలు చేసి నీళ్ళు పోయేటట్టు చేస్తదని మనం తిట్టుకునే ఎండ్రికాయదే అన్నిటికన్న కష్టమైన పని. రాయిలాంటి గుల్లల ఒళ్ళు పెరగలేదు, కాబట్టి దాని పెరుగుడు మెట్లు మెట్లుగ ఉంటది, వారాలో నెలలో అదే సైజు, ఒక్క పూటల ఉన్నట్టుండి పెద్దది.

ఎప్పుడు ఇడువాలె అనేది కండ్లు నిలబెట్టే కాడలల్ల ఉంటది. అక్కడొక చిన్న గ్రంథి "ఇప్పుడే వద్దు" అనే హార్మోన్‌ను ఎప్పుడూ ఇడుస్తుంటది. అది తగ్గంగనే ఒంట్లె ఇంకో గ్రంథి ఎక్డైసోన్ రకం హార్మోన్ చేస్తది, పని మొదలైతది. కంటి కాడలు తీసేస్తే పీత తొందరగ గుల్ల ఇడుస్తదని 1905లనే చార్లెస్ జెలెనీ అనే శాస్త్రవేత్త ఫిడ్లర్ పీతలల్ల చూసిండు. మన పొలాల ఎండ్రికాయ జాతి ఓజియోటెల్ఫ్యూసా సెనెక్స్ మీద తిరుపతి శ్రీ వేంకటేశ్వర యూనివర్సిటీల ఇదే విషయం మీద మస్తు పరిశోధన జరిగింది.

పని ఎట్ల నడుస్తదంటే, ముందుగాల చర్మం గుల్ల కాడికెళ్ళి విడిపోతది. పాత గుల్ల లోపలి భాగాన్ని ఎంజైములు కరిగిస్తయి, అందులకెళ్ళి కొంత సున్నాన్ని ఒళ్ళు వెనుకకు తీసుకుంటది. పాత దాని కింద మెత్తటి కొత్త గుల్ల ముడతలు ముడతలుగ తయారైతది, ముడతలెందుకంటే తరువాత సాగాలె కదా. ఇంకొక చిక్కుంది: పెద్ద డెక్క నిండ కండ, కాని డెక్కను ఒంటికి కలిపే కీలు సన్నగ ఉంటది, అంత కండ ఆ సందుల నుంచి ఎట్ల వస్తది? అందుకే డెక్క లోపలి కండ ముందే కరిగి చిన్నగైతది. నేల మీద తిరిగే పీతల మీద ఈ సంగతి బాగ తెలిసింది. బయటికొచ్చినంక మళ్ళ కండ పెరుగుతది.

తరువాత నీళ్ళు తాగి ఉబ్బుతది. వీపు గుల్లకు, వెనుక మడుచుకొని ఉండే పొట్ట పట్టీకి నడుమ కీలు పగులుతది, ఎండ్రికాయ వెనుకకు, ఆ పగులులకెళ్ళి కొంచెం కొంచెంగ బయటికి జారుతది. కాళ్ళు, డెక్కలు, కండ్ల మీది కప్పు, ఊపిరి తీసే మొప్పల మీది పొర, ఆఖరికి పొట్టలోపట మేత నమిలే పండ్ల పొరతో సహా పాతవన్ని పాత గుల్లతోనే పోతయి. అందుకే మిగిలిన గుల్ల అచ్చం చచ్చిన ఎండ్రికాయ లాగనే కనపడతది. పొలంల అట్లాంటిది దొరికితే చేతిల పట్టుకొని చూడున్రి: బరువుండదు, వాసన రాది, వెనుక నుంచి వీపు మూతలాగ లేస్తది. చచ్చిందైతే బరువుంటది, కంపు కొడతది.

ఎంత పెరుగుతదో లెక్క చూద్దాం. వెడల్పు 4 సెంటీమీటర్లున్న ఎండ్రికాయ గుల్ల ఇడిసి 5 సెంటీమీటర్లు అయిందనుకుందాం. చూస్తానికి వేలెడంత గూడ కాదు, పావు వంతు ఎక్కువ. కాని వెడల్పు, పొడుగు, మందం మూడూ అదే తీరు పెరుగుతయి: నాలుగును మూడుసార్లు హెచ్చిస్తే 64, ఐదును హెచ్చిస్తే 125. అంటే లోపలి జాగ దాదాపు డబల్ అయింది. ఆ రోజు ఆ జాగ నిండింది కండతోని కాదు, నీళ్ళతోని. గుల్ల గట్టిపడే దాక ఆ నీళ్ళే లోపలికెళ్ళి తోసి పట్టుకుంటయి, తరువాత వారాల మీద నీళ్ళు తగ్గి కండ చేరుతది. పిల్లలల్ల ఈ పెరుగుడు ఎక్కువ, ముదురు వాటిల తక్కువ. మార్కెట్ల కొన్న సముద్రం పీత సైజు మంచిగుండి ఇంటికొచ్చి వండితే లోపట నీళ్ళే ఉన్నయంటే కారణం ఇదే, గుల్ల ఇడిసి ఎక్కువ రోజులు కాలేదన్నట్టు. కోస్తా వ్యాపారులు దాన్ని వాటర్ క్రాబ్ అంటరు, రేటు తగ్గిస్తరు. కొనేటప్పుడు కింది దిక్కు గుల్లను బొటనవేలుతోని నొక్కితే లొట్ట పడొద్దు.

గుల్ల మెత్తగున్నప్పుడు కండకు ఆనుకునే గట్టి జాగనే లేదు కదా, మరెట్ల కదులుతది అని అడగొచ్చు. దీనికి జవాబు 2003ల అమెరికాల ఇద్దరు పరిశోధకులు టేలర్, కియర్ బ్లూ క్రాబ్ అనే పీత మీద చూపించిన్రు: లోపలి నీళ్ళ ఒత్తిడినే ఎముక తీరు వాడుకుంటది, వానపాము కదిలే పద్ధతి అది, గుల్ల గట్టిపడంగనే మళ్ళ పాత పద్ధతికి వస్తది.

అమాస పున్నముల మాట

పున్నమికి ఎండ్రికాయల కండ ఉండదు, అమాసకు నిండుగుంటది అని మన దిక్కు గూడ అంటరు. కొట్టిపారెయ్యాల్సిన మాట కాదు. ఆంధ్రల రొయ్యల చెరువుల రైతులు అమాస, పున్నమి దగ్గర పడితే రొయ్యలు పొర ఇడుస్తయని ముందుగనే ఏరియేటర్లు, మినరల్స్ చూసుకుంటరు, ఎందుకంటే పొర ఇడిసేటప్పుడు ఆక్సిజన్ ఎక్కువ కావాలె, మెత్తగున్న వాటిని మిగిలినయి తింటయి. సముద్రం జీవులల్ల చందమామతోని ఆటుపోట్లు మారుతయి కాబట్టి అట్ల జతపడుడుకు కారణం కనపడతది. కాని మన వరి పొలంల ఆటుపోట్లు లేవు. ఇక్కడ ఒకే గట్టు బొక్కలల్ల ఉన్న ఎండ్రికాయలు గూడ వాన, మేత, వయసు బట్టి వేరే వేరే రోజులల్ల ఇడుస్తయి, కాబట్టి నాకు తిథి కన్న బొటనవేలు నొక్కుడు మీదనే నమ్మకం ఎక్కువ.

సున్నం ఎక్కడికెళ్ళి వస్తది

సముద్రం నీళ్ళల కాల్షియం బాగుంటది, పీత గుల్ల ఇడిసినంక ఆ నీళ్ళలకెళ్ళే తీసుకొని గట్టిపడతది. పొలం నీళ్ళల, చెరువు నీళ్ళల అంత ఉండదు. అందుకే మంచినీళ్ళ ఎండ్రికాయ పాత గుల్లలకెళ్ళి తీసుకున్న సున్నాన్ని ఒంట్లె జాగ్రత్తగ దాస్తది, చాలకుంటే ఇడిసిన గుల్లనే తింటది.

మా పెద్దోడు పోయిన ఏడు నాట్లప్పుడు గట్టు కాడ ఒక ఎండ్రికాయను పట్టి, అడుగున బురద, రాళ్ళు వేసిన టబ్బుల పెట్టుకున్నడు. దానికి ఎడమ డెక్క లేదు, ఆ కాడ చిన్న మొగ్గలాంటి బుడిపె మాత్రం ఉంది. ఒకరోజు పొద్దున లేచేసరికి టబ్బుల రెండు ఎండ్రికాయలు, వాడు ఒర్రుకుంట వచ్చిండు. ఒకటి గట్టిగ కదలకుండ, ఇంకోటి లేత రంగుల రాయి కింద ముడుచుకొని. ముట్టొద్దని చెప్పిన, అప్పుడు వేలు పెడితే గుల్ల వంకర తిరిగి అట్లనే గట్టిపడతది. లేత రంగు దానికి ఎడమ దిక్కు బుడిపె కాడ సన్నటి, వేలి గోరంత డెక్క విప్పుకొని ఉంది, కుడి డెక్కల సగం గూడ లేదు. పోయిన కాలు గాని డెక్క గాని మొగ్గల మడుచుకొని పెరిగి, గుల్ల ఇడిసినప్పుడే బయటికి తెరుచుకుంటది, పూర్తి సైజు రావాలంటే ఇంకా రెండు మూడు సార్లు ఇడువాలె. రెండు రోజులు అది రాయి కింద నుంచి కదలలేదు. మూడో రోజు సాయంత్రం పాత గుల్ల కాలు ఒకటి పట్టుకొని కొరుకుతుంటే చూసినం, వారం తిరిగేసరికి టబ్బుల వీపు చిప్ప ముక్క ఒక్కటే మిగిలింది. తరువాత వాడే తీసుకపోయి ఆ గట్టు కాడనే ఇడిసిపెట్టి వచ్చిండు.